నైసియా నుంచి కాన్‌స్టాంటినోపుల్ దాకా: విశ్వాస ప్రమాణం చరిత్రను ఆధారాలతో రాయడం ఎలా

సంఘ చరిత్రలో విశ్వాస ప్రమాణాల మీద వ్యాసం రాయమంటే చాలామంది ఒకే కథ రాస్తారు. అలెగ్జాండ్రియాలో బిషప్పు కింద పనిచేసే ప్రెస్బిటరు ఏరియస్, కుమారునికి ఆరంభం ఉందని తప్పు బోధ చేశాడు, 325లో నైసియా సభ అతన్ని ఖండించింది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ గురించిన భాగం చేర్చింది, వివాదం ముగిసింది. ఇందులో పూర్తి అబద్ధం ఏదీ లేదు. కానీ ప్రతి వాక్యానికీ "ఇది మనకెలా తెలుసు?" అని అడిగితే సగం జారిపోతుంది. దిద్దేవాళ్లు మార్కులు తగ్గించేదీ అక్కడే.

మూడు వేల పదాల వ్యాసానికి 325 నుంచి 381 దాకా ఉన్న కాలమే ఎక్కువ. అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని, 451 నాటి కల్కెదోను నిర్వచనాన్ని కూడా లోపలికి లాగితే దేనికీ ఆధారం చూపే చోటు మిగలదు. అందుకే ఇక్కడ ఆ యాభై ఆరేళ్లనే తీసుకుంటున్నాం. పద్ధతి పట్టుబడితే మిగతా ప్రమాణాలకూ పనికొస్తుంది.

మొదటి పని: మీ చేతిలో ఉన్నది ఏ పాఠం?

చాలామంది ఆరాధన పుస్తకంలోని "నైసియా విశ్వాస ప్రమాణం" తీసుకుని, కింద 325 అని తేదీ వేస్తారు. అది 325 పాఠం కాదు. మనం ఆదివారం చెప్పేది 381 సభ పేరుతో వచ్చిన పాఠం. పాశ్చాత్య సంప్రదాయం నుంచి వచ్చిన పుస్తకాల్లో చాలాచోట్ల ఆత్మ "తండ్రి నుండియు కుమారుని నుండియు" బయలుదేరుతున్నాడని ఉంటుంది. ఆ "కుమారుని నుండియు" 381 నాటిది కూడా కాదు, లాటిన్ సంఘం తరవాత చేర్చుకున్నది. వ్యాసం మొదటి పేజీలోనే ఈ పొరపాటు దొర్లితే తరవాతి వాదనంతా వంకరపోతుంది.

325 పాఠాన్ని గుర్తుపట్టడం తేలిక. అందులో కన్య మరియ పేరు లేదు, పొంతి పిలాతు లేడు, సంఘం గురించి గానీ బాప్తిస్మం గురించి గానీ ఒక్క ముక్క లేదు. చివర "పరిశుద్ధాత్మయందును" అని ఆగిపోతుంది. ఆ వెంటనే శాపవాక్యాలు వస్తాయి: "ఆయన లేని కాలం ఒకటి ఉండేది" అనేవారిని, "ఆయన లేనివాటి నుంచి కలిగాడు" అనేవారిని సంఘం శపిస్తున్నది అని. మధ్యలో "అంటే తండ్రి తత్వంలో నుంచి" అనే వివరణ ఉంటుంది. 381 పాఠంలో ఆ వివరణ లేదు, శాపవాక్యాలూ లేవు.

రెండు పాఠాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. చేర్చినవి ఒక రంగులో, తీసేసినవి ఇంకో రంగులో గుర్తుపెట్టండి. తీసేసినవాటి మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. 381 అంటే "325కి ఆత్మ భాగం కలిపినది" అన్న మాట నిజమైతే "తండ్రి తత్వంలో నుంచి" ఎందుకు పోయింది? ఈ ప్రశ్న వేసుకున్న వ్యాసం అప్పుడే మిగతావాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

రెండో పని: ప్రతి మాటకూ ఎదుటి పక్షాన్ని వెతకడం, అది దొరికిందని రుజువు చేయడం

ప్రమాణంలోని ప్రతి మాటా ఎవరినో కొట్టడానికి పెట్టింది కాదు. "పరలోకమును భూమిని సృజించిన" వంటివి బాప్తిస్మ సమయపు పాత ఒప్పుకోళ్ల నుంచి వస్తున్నవే. ఒక మాట వివాదం వల్లే చేరిందని చెప్పాలంటే, ఆ కాలపు పత్రంలోనే ఎవరో ఆ మాటను వద్దన్నట్టో, దానికి ఎదురు మాట అన్నట్టో చూపించాలి. లేకపోతే "సంప్రదాయంగా ఉన్న మాట" అని రాసి ముందుకు వెళ్లండి.

325 పాఠం విషయంలో ఈ పని చక్కగా సాగుతుంది. ఎందుకంటే నైసియాకు ముందు ఏరియస్ రాసిన సొంత ఉత్తరాలు రెండు మిగిలాయి. ఒకటి తన పక్షాన నిలిచిన నికోమీదియ బిషప్పు యూసేబియస్‌కు రాసింది, ఇంకొకటి తన బిషప్పు అలెగ్జాండర్‌కు రాసింది. వీటిలో ఏది ముందు, ఏది తరవాత అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ఆ క్రమం మీద వాదన కట్టకండి. మొదటి ఉత్తరంలో ఏరియస్ తానే అంటాడు: కుమారునికి ఆరంభం ఉందనీ, ఆయన లేనివాటి నుంచి కలిగాడనీ చెబుతున్నందుకే తమను హింసిస్తున్నారని. శాపవాక్యాల్లోని "లేనివాటి నుంచి" అన్న మాట దీనికి సూటిగా తగులుతుంది. రెండో ఉత్తరంలో, కుమారుడు తండ్రితో హోమోఊసియోస్, అంటే ఒకే తత్వం గల, ఒక భాగమని మానికేయ మతాన్ని స్థాపించిన మానీ బోధించాడని, తాము అలా అనబోమని రాస్తాడు. అంటే నైసియాకు ముందే ఆ పదాన్ని ఏరియస్ బాహాటంగా తోసిపుచ్చాడు. హోమోఊసియోస్ ఎందుకు ఎంచుకున్నారన్నదానికి సభ తరవాత ఎప్పుడో రాసిన కథలకంటే ఇది గట్టి సాక్ష్యం.

ఇక తేడా కొట్టే చోటు చూడండి. శాపవాక్యాల్లో చివరిది కుమారుడు "మార్పు చెందేవాడు" అనేవారిని ఖండిస్తుంది. ఏరియస్ ఉత్తరాలు తెరిస్తే దీనికి వ్యతిరేకంగా, కుమారుడు మార్పులేనివాడు అని ఉంటుంది. మరి శాపం ఎవరి మీద? ఏరియస్ పక్షం అలా అంటున్నదని ఆరోపించింది అలెగ్జాండర్. బిషప్పులందరికీ పంపిన ఉత్తరంలో, వీళ్ల లెక్కన వాక్యం సృష్టి అంతటిలాగే స్వభావరీత్యా మార్పుకు లోబడినదని రాశాడు. అలెగ్జాండర్ తరవాత అలెగ్జాండ్రియా బిషప్పు అయిన అతనాసియస్ ఉటంకించిన ఏరియస్ రచన "థాలియా" సారంలోనూ అదే కనబడుతుంది. కానీ ఆ సారం ప్రత్యర్థి చేతిలో నుంచి వచ్చింది.

ఇలాంటి చోట మూడు తప్పులు జరుగుతాయి. శాపవాక్యాలన్నీ ఏరియస్ మాటలే అని రాసేయడం ఒకటి. ఉత్తరంలో లేదు కాబట్టి సభ అబద్ధమాడిందని తీర్పు చెప్పడం ఇంకొకటి. రెంటినీ కలిపేసి ఏమీ తేల్చకుండా దాటేయడం మూడోది. చేయాల్సింది ఏమిటంటే, ఎవరి పత్రంలో ఏముందో విడివిడిగా చెప్పి, "మార్పు" ఆరోపణ ప్రత్యర్థుల రాతల్లోనే దొరుకుతున్నదని స్పష్టం చేయడం. తన సంకల్పం చేత మార్పులేనివాడు అన్న ఏరియస్ మాటను, స్వభావం చేత మార్పుగలవాడు అన్నట్టు ప్రత్యర్థులు అర్థం చేసుకుని ఉండవచ్చు. అది మీ ఊహగా రాయండి, వాస్తవంగా కాదు.

మూడో పని: నైసియా సాక్షులను తూచడం

నైసియా సభ కార్యవివరాలు మనకు మిగలలేదు. ఉన్నవి ప్రమాణం, ఇరవై నియమాలు, ఐగుప్తు సంఘాలకు సభ పంపిన ఉత్తరం. వీటికి తోడు అక్కడున్నవాళ్లు తరవాత రాసినవి. "సభలో ఫలానావాడు లేచి ఇలా అన్నాడు" అనే వాక్యం మీ వ్యాసంలో కనబడితే, అది ఎవరి జ్ఞాపకమో పక్కనే ఉండాలి.

అన్నిటికంటే దగ్గరి సాక్షి కైసరయ బిషప్పు యూసేబియస్; పైన చెప్పిన నికోమీదియ యూసేబియస్ వేరు. సభ అయిన వెంటనే తన సంఘానికి ఉత్తరం రాశాడు. తాను సభ ముందు పెట్టిన ఒప్పుకోలు, ఆ తరవాత సభ ఒప్పుకున్న పాఠం, తాను ఎందుకు సంతకం చేశాడో వివరణ అందులో ఉన్నాయి. తన ఒప్పుకోలును చక్రవర్తి కాన్‌స్టాంటైన్ మెచ్చి, ఒక్క హోమోఊసియోస్ మాత్రం చేర్చమన్నాడని అంటాడు. దీన్ని బట్టి 19వ శతాబ్దపు పండితులు కైసరయ ఒప్పుకోలే నైసియా ప్రమాణానికి మూలమని కట్టారు. రెండు పాఠాలనూ మాట మాటకూ సరిపోల్చి చూస్తే తేడాలు ఒక్క పదంతో ఆగవు. అందుకే ఆ అభిప్రాయం ఇప్పుడు బలం కోల్పోయింది. పాత పుస్తకం ఒకటే చూసి రాసే వ్యాసాల్లో ఇది ఇంకా తీర్పులాగా కనబడుతూ ఉంటుంది.

యూసేబియస్ ఎందుకు అలా రాశాడు? 325 ఆరంభంలో అంతియొకయలో జరిగిన సభ అతన్ని తాత్కాలికంగా సహవాసం నుంచి వెలివేసింది. ఆ సభ ఉత్తరం సిరియాక్ అనువాదంలో దొరికి 1905లో అచ్చయింది. అంటే ఈ ఉత్తరం రాస్తున్నది తన పరువు నిలబెట్టుకోవాల్సిన మనిషి. సాక్ష్యం పనికిరాదని కాదు. "నా ఒప్పుకోలునే అందరూ మెచ్చారు" అన్న ముక్కను అతని మాటగానే ఉంచాలి.

ఆ ఉత్తరం మనకు అందిన దారి కూడా ఒక పాఠమే. అతనాసియస్ తన గ్రంథానికి అనుబంధంగా దాన్ని పెట్టాడు. ఐదో శతాబ్దంలో సోక్రటీస్, థియోడొరెట్ తమ సంఘ చరిత్రల్లో చేర్చారు. అయితే యూసేబియస్‌ను వెనకేసుకొచ్చే సోక్రటీస్ పాఠంలో, చివర ఉన్న ఇబ్బందికరమైన భాగం లేదు. కుమారుడు జనించక ముందే తండ్రిలో శక్తిరూపంగా ఉన్నాడని చెప్పే ముక్క అది. ఎవరి పుస్తకంలో నుంచి ఉటంకిస్తున్నారో చెప్పకపోతే, ఉత్తరం మొత్తం చదివారా సగమే చదివారా అన్నది పాఠకుడికి తెలియదు.

అతనాసియస్ నైసియాలో డీకనుగా ఉన్నాడు. కానీ హోమోఊసియోస్ ఎలా చేరిందో చెప్పే అతని వివరణ దాదాపు పాతికేళ్ల తరవాతిది, మరో పోరాటం మధ్యలో రాసింది. లేఖనంలోని మాటలు ఏవి ప్రతిపాదించినా ప్రత్యర్థులు ఒకరికొకరు కనుసైగలు చేసుకుంటూ తమకు అనుకూలంగా అర్థం చెప్పుకున్నారని, అందుకే తప్పించుకోవడానికి వీలులేని పదం పెట్టాల్సి వచ్చిందని అతనంటాడు. ఈ వివరణను వాడుకోవచ్చు, రాసిన కాలం పక్కన పెట్టి.

318 మంది బిషప్పులు అన్న సంఖ్య కూడా ఇలాంటిదే. యూసేబియస్ 250కి పైగా అంటాడు, అంతియొకయ యూస్తాతియస్ సుమారు 270 అంటాడు. 318 తరవాత స్థిరపడింది. ఆదికాండం 14:14లో అబ్రాహాము వెంట వెళ్లిన సేవకుల లెక్క అదే. వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం చాలు.

నాలుగో పని: మధ్య కాలాన్ని ఖాళీగా వదలకండి

325 తరవాత సుమారు పాతికేళ్ల పాటు హోమోఊసియోస్ మాట పెద్దగా వినబడదు. దాని కోసం తరవాత అంత పోరాడిన అతనాసియస్ రాతల్లో కూడా ఆ కాలంలో అరుదు. ఇది చెప్పకపోతే, నైసియాలో అంతా తేలిపోయినా మొండివాళ్లు ఒప్పుకోలేదన్నట్టు కథ తయారవుతుంది. "ఏరియస్‌వాదులు, నైసియావాదులు" అనే రెండు జట్ల బొమ్మ గెలిచిన పక్షం గీసింది. 341లో అంతియొకయలో కూడిన బిషప్పులు, మేము ఏరియస్ అనుచరులం కాము, బిషప్పులమైన మేము ఒక ప్రెస్బిటరు వెంట ఎలా నడుస్తాం అని రాశారు. వాళ్లను ఏరియస్‌వాదులు అని పిలవాలంటే అది అతనాసియస్ పెట్టిన పేరని చెప్పి పిలవండి.

ఈ కాలంలో ప్రమాణాలు ఎన్ని పుట్టాయో చూస్తే కళ్లు తిరుగుతాయి. అన్నిటినీ వరసపెట్టకండి. మలుపు తిప్పినవి రెండు తీసుకుంటే చాలు. 357లో సిర్మియంలో వచ్చిన పత్రం హోమోఊసియోస్‌నే కాదు, తత్వం అనే మాటనే వాడవద్దంది, అవి లేఖనంలో లేవు కాబట్టి. దాంతో అప్పటిదాకా మధ్యలో ఉన్న తూర్పు బిషప్పులు ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడే అంకురలో అక్కడి బిషప్పు బాసిల్ నాయకత్వంలో కూడి, కుమారుడు తత్వంలో తండ్రిని పోలినవాడని నొక్కిచెప్పారు. 359-360లో చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఒత్తిడితో "కుమారుడు తండ్రిని పోలినవాడు" అన్నంతవరకే ఉన్న ప్రమాణం అధికారికమైంది. నైసియా మాట మళ్లీ జెండాగా ఎగిరింది ఈ ఒత్తిడి వల్లే. ఒక పదాన్ని నిషేధించబోతేనే దాని అవసరం తెలిసొచ్చిందన్నది ఈ వ్యాసానికి మంచి వెన్నెముక.

362 అలెగ్జాండ్రియా సభను కూడా ఇక్కడే ముడిపెట్టాలి. నైసియా శాపవాక్యాల్లో "వేరొక హైపొస్టాసిస్ గానీ తత్వం గానీ" అని రెండు మాటలనూ ఒకటిగా వాడారు. తూర్పున చాలామంది మాత్రం మూడు హైపొస్టాసిస్‌లు, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ అనే మూడు వేరువేరు ఉనికులు, అనేవారు. 362లో అతనాసియస్ రెండు పక్షాలనూ విచారించి, మాటలు వేరైనా ఉద్దేశం ఒకటేనని ఒప్పుకున్నాడు. 381 పాఠంలో శాపవాక్యాలు ఎందుకు లేవన్నదానికి సూటి రుజువు లేదు. కానీ ఆ వాక్యం అలాగే ఉంటే కొత్త వాడుకకు అడ్డం పడేదన్న సంగతి 362 సభ రాసిన పత్రం వల్ల చూపించవచ్చు. "అందువల్లే తీసేశారు" అని మాత్రం రాయకండి.

ఐదో పని: 381 పాఠానికి 381 నాటి సాక్షి లేడు

ఇది చాలామందికి కొత్త. 381 సభ ప్రమాణం అంటున్న పాఠం మొదటిసారి పత్రాల్లో స్పష్టంగా వినబడేది 451లో, కల్కెదోను సభలో దాన్ని చదివినప్పుడు. 431 ఎఫెసు సభ నైసియా విశ్వాసం తప్ప మరొకటి కూర్చవద్దన్నప్పుడు చదివింది 325 పాఠాన్నే, 381 ఊసే లేదు. కాబట్టి "381 సభ ఈ పాఠాన్ని ప్రకటించింది" అని నేరుగా రాయకూడదు. "381 సభకు చెందినదిగా 451లో చదివిన పాఠం" అనండి. ఆ పాఠం ఆ సభతో నిజంగా సంబంధమున్నదేనని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. సభ దాన్ని ఏ ఉద్దేశంతో వాడిందన్నదే చర్చ.

ఆత్మ భాగాన్ని రెండో పనిలో చెప్పినట్టే పరీక్షించండి. "ప్రభువు, జీవమిచ్చువాడు, తండ్రి నుండి బయలుదేరువాడు, తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడువాడు." ఎదుటి పక్షం ఎవరు? ఆత్మకు దైవత్వం లేదన్నవాళ్లు. వాళ్ల బిషప్పులు 36 మంది సభకు వచ్చి, ఒప్పందం కుదరక వెళ్లిపోయారని సోక్రటీస్ రాశాడు. ప్రమాణంలో ఆత్మను "దేవుడు" అని గానీ, హోమోఊసియోస్ అని గానీ అనలేదన్నది గమనించండి. ఆరాధన భాషతో పని కానిచ్చారు. కైసరయ బాసిల్ కొన్నేళ్ల ముందు పరిశుద్ధాత్మ మీద రాసిన గ్రంథంలో పట్టిన దారి ఇదే. తండ్రికీ కుమారునికీ "ఆత్మతో కూడ" మహిమ అని పాడడం సరైనదేనా అన్నదాని మీదే అతని వాదన నడుస్తుంది. ఈ రెంటినీ పక్కన పెట్టి చూపిస్తే ఇక్కడ వాదన బలంగా నిలుస్తుంది.

"ఆయన రాజ్యము అంతము లేనిది" అన్న మాటతో జాగ్రత్త. ఇది క్రీస్తు రాజ్యం ముగుస్తుందన్న అంకుర మార్సెల్లస్‌కు జవాబు. కానీ 381లో పుట్టలేదు. యెరూషలేము సిరిల్ 350 ప్రాంతంలో చేసిన బాప్తిస్మ బోధల్లోనే ఉంది. ఈ తప్పుడు బోధ ఈమధ్యే అంకుర ఉన్న గలతియలో తలెత్తిందని 15వ ప్రసంగంలో హెచ్చరిస్తాడు కూడా. ఒక పాఠంలో మాట కనబడిన ఏడాది వేరు, ఆ మాట పుట్టిన వివాదం వేరు.

ఆధారాలు ఎక్కడ, ఎలా చూపాలి

అతనాసియస్, సోక్రటీస్, థియోడొరెట్‌ల ఇంగ్లిషు అనువాదాలు "నైసీన్ అండ్ పోస్ట్-నైసీన్ ఫాదర్స్" రెండో వరుసలో ఉన్నాయి. ccel.org లో ఉచితంగా చదవచ్చు. 19వ శతాబ్దపు అనువాదం కాబట్టి ముఖ్యమైన ఉటంకింపును కొత్త అనువాదంతో సరిచూడండి. కల్కెదోను కార్యవివరాలకు ప్రైస్, గాడిస్‌ల 2005 అనువాదం ఉంది.

పేజీ సంఖ్య కాకుండా గ్రంథం, అధ్యాయం ఇవ్వండి. ఎవరి దగ్గర ఏ ముద్రణ ఉన్నా దొరుకుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. థియోడొరెట్ అధ్యాయాల లెక్క ముద్రణను బట్టి మారుతుంది. యూసేబియస్ ఉత్తరం పై ఇంగ్లిషు వరుసలో 1.11, గ్రీకు విమర్శనాత్మక ముద్రణలో 1.12. పరిశోధన పుస్తకంలో 1.12 అని చూసి, మీరు చదివిన ఇంగ్లిషు ముద్రణకు అదే అంకె వేస్తే, దిద్దేవారికి అక్కడ వేరే అధ్యాయం కనబడుతుంది. మీరు తెరిచి చూడలేదన్నది అలా బయటపడుతుంది.

అధోజ్ఞాపిక ఇలా ఉండవచ్చు: "కైసరయ యూసేబియస్, తన సంఘానికి లేఖ, సోక్రటీస్, సంఘ చరిత్ర 1.8లో (చివరి భాగం లేకుండా). పూర్తి పాఠం థియోడొరెట్ 1.12 (గ్రీకు ముద్రణ లెక్క)." రాసినవారు, చేరవేసినవారు, లెక్క ఏ ముద్రణది అన్న మూడూ ఇందులో ఉన్నాయి. మీరు నేరుగా చూడనిదాన్ని ఇంకొకరి పుస్తకంలో చదివితే "ఫలానావారు ఉటంకించినట్టు" అని ఒప్పుకోవడమే మర్యాద.

వ్యాసంలోని పేరా ఈ తీరులో నడవాలి: "కుమారుడు లేనివాటి నుంచి కలిగాడన్న మాటను ఏరియస్ తన ఉత్తరంలోనే చెప్పుకున్నాడు. కుమారుడు మార్పు చెందేవాడన్న ఆరోపణ మాత్రం అలెగ్జాండర్ ఉత్తరంలోనూ, అతనాసియస్ ఇచ్చిన సారంలోనూ దొరుకుతుంది. ఏరియస్ ఉత్తరాలు దానికి విరుద్ధంగా ఉన్నాయి. కాబట్టి శాపవాక్యాలు ఏరియస్ మాటల జాబితా కంటే, అతని బోధ ఎటు దారితీస్తుందని సభ భావించిందో దాని జాబితా అనడం సబబు." చివరి వాక్యం మీ అభిప్రాయం. అది పై రెండు వాక్యాల మీద నిలబడింది.

పదాల పంపకంలో 325 పాఠానికి వెయ్యి, మధ్య కాలానికి ఎనిమిది వందలు, 381 పాఠానికి తొమ్మిది వందలు ఇచ్చి, మిగిలిన మూడు వందల్లో ఆరంభం, ముగింపు సరిపెట్టండి. చివరగా ముసాయిదాలో "అని ప్రకటించారు", "అందుకే చేర్చారు", "ఏరియస్‌వాదులు" అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఒక్కొక్క చోట కింద ఆధారం ఉందో లేదో చూడండి. లేనిచోట మాటను తగ్గించండి, లేదా ఆ వాక్యాన్నే కొట్టేయండి.